డమ్మీ చలరాశుల గుణకాలు, తగ్గిపోయే అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్: తరచుగా అడిగే ప్రశ్నలు

రిగ్రెషన్ నేర్చుకుంటున్నవారు, ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్నవారు పదేపదే అడిగే సందేహాల్లో చాలా భాగం రెండు చోట్లకే చేరుతుంది. డమ్మీ పక్కన కనిపించే అంకెను ఎలా చదవాలన్నది ఒకటి. కొత్త చలరాశిని చేర్చాక అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ పెరగకుండా తగ్గిందేమిటన్నది రెండోది. నా దృష్టిలో ఈ రెండూ విడివిడి ప్రశ్నలు కావు. అందుకే ఒకే చోట చేర్చాను.

ఎవరైనా సొంతంగా సరిచూసుకోగలిగేలా ఉదాహరణలన్నీ mtcars డేటా నుంచే తీసుకున్నాను, ఒక్కచోట తప్ప. ఇది ఆర్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వస్తుంది. 1974లో అమెరికాలోని మోటార్ ట్రెండ్ పత్రికలో వచ్చిన 32 కార్ల వివరాలు ఇందులో ఉన్నాయి. mpg అంటే గాలన్‌కు ఎన్ని మైళ్లు నడుస్తుందో ఆ లెక్క. wt అంటే వేల పౌండ్లలో బరువు, hp అంటే హార్స్‌పవర్, cyl అంటే సిలిండర్ల సంఖ్య. am అనేది డమ్మీ: ఆటోమేటిక్ గేరు ఉంటే 0, మాన్యువల్ గేరు ఉంటే 1.

## మోడల్ రాసే ముందు

నా డేటాలో పురుషులకు 1, స్త్రీలకు 2 అని ఉంది. 0, 1 గా మార్చకుండా అలాగే పెడితే తప్పా?

రెండే కేటగిరీలు ఉన్నప్పుడు డమ్మీ గుణకం మారదు. ఎందుకంటే 1 నుంచి 2కి ఉన్న దూరం, 0 నుంచి 1కి ఉన్న దూరం ఒకటే. దాని స్టాండర్డ్ ఎర్రర్, t విలువ, ఆర్-స్క్వేర్ కూడా మారవు. మారేది ఇంటర్‌సెప్ట్ ఒక్కటే, కానీ ఆ మార్పు దాని అర్థాన్నే పోగొడుతుంది.

mtcarsలో mpgని am మీద వేస్తే ఇంటర్‌సెప్ట్ 17.147, am గుణకం 7.245 వస్తాయి. 17.147 అంటే ఆటోమేటిక్ కార్ల సగటు మైలేజీ. అదే amని 1, 2 గా రాస్తే ఇంటర్‌సెప్ట్ 9.902 అవుతుంది. అది ఏ కార్ల సగటూ కాదు, am విలువ సున్నా అయిన, అసలు లేని గుంపు సగటు. రిపోర్టులో ఇంటర్‌సెప్ట్‌ను వివరించాల్సి వచ్చినప్పుడు ఈ తప్పు బయటపడుతుంది. కాబట్టి ముందే 0, 1 గా మార్చుకోవడం మేలు. చలరాశి పేరు కూడా 1 దేన్ని సూచిస్తుందో చెప్పాలి. ‘లింగం’ అని కాకుండా ‘స్త్రీ’ అని పెడితే చదివేవారికి అనుమానమే రాదు.

మూడు కేటగిరీలకు రెండే డమ్మీలు ఎందుకు? మూడూ పెడితే ఏమవుతుంది?

కార్లకు 4, 6, 8 సిలిండర్లు ఉన్నాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో డమ్మీ చేస్తే ప్రతి కారుకూ ఆ మూడింటి మొత్తం 1 అవుతుంది. ఇంటర్‌సెప్ట్ కూడా అన్ని వరుసల్లో 1 గా ఉండే నిలువు వరుసే. ఒకే సమాచారం రెండుసార్లు వచ్చినప్పుడు ఏ గుణకం ఎంతో విడిగా తేల్చే దారి ఉండదు. దీన్నే డమ్మీ ఉచ్చు అంటారు.

దీన్ని పట్టుకోవడం వాడే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంటుంది. ఆర్‌లో lm ఒక డమ్మీని తనంతట తానే పక్కన పెట్టి, ఆ వరుసలో NA చూపిస్తుంది. పైన ఈ మాట కనిపిస్తుంది:

```
Coefficients: (1 not defined because of singularities)
```

పైథాన్‌లోని statsmodels మాత్రం ఆగదు. నాలుగు గుణకాలకూ ఏవో అంకెలు ఇచ్చేసి, మ్యాట్రిక్స్ సింగ్యులర్ అయి ఉండవచ్చని కింద నోట్‌లో చెబుతుంది. ఆ నోట్ చదవకుండా గుణకాలను పట్టికలోకి ఎక్కిస్తే అవి అర్థం లేని అంకెలు. అక్కడ డమ్మీలు తయారుచేసేటప్పుడే ఒకటి వదిలేయాలి:

```
pd.get_dummies(df["cyl"], drop_first=True, dtype=int)
```

సిలిండర్ల సంఖ్య ఎలాగూ అంకే కదా, డమ్మీలు చేయకుండా 4, 6, 8 అనే పెట్టేయకూడదా?

పెట్టవచ్చు, కానీ అప్పుడు మీరు ఒక షరతు విధిస్తున్నట్టు. 4 నుంచి 6కి వెళ్తే మైలేజీ ఎంత తగ్గుతుందో, 6 నుంచి 8కి వెళ్తే కూడా సరిగ్గా అంతే తగ్గాలన్నది ఆ షరతు. mtcarsలో అలా వేస్తే ఒక్కో సిలిండర్‌కు 2.876, అంటే ఒక్కో మెట్టుకు 5.75 మైళ్ల తగ్గుదల వస్తుంది. డమ్మీలుగా వేస్తే మొదటి మెట్టు 6.92, రెండోది 4.64.

ఈ తేడా కోసం ఒక గుణకం అదనంగా ఖర్చు పెట్టడం దండగా కాదా అన్నది లెక్కే చెబుతుంది. అంకెగా పెట్టినప్పుడు ఆర్-స్క్వేర్ 0.7262, డమ్మీలతో 0.7325. పెరిగింది. అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ మాత్రం 0.7171 నుంచి 0.714కి తగ్గింది. అంటే ఈ 32 కార్లలో రెండు మెట్లు వేరువేరు అనడానికి గట్టి ఆధారం లేదు. ఇక్కడ అంకెగా ఉంచడం సబబే.

కానీ జిల్లాలు, కులాలు, పంటల లాంటి వాటికి 1, 2, 3 అని కోడ్ ఇచ్చి ఉంటే వాటిని అంకెలుగా వాడటం ఎప్పుడూ తప్పే. ఆ అంకెలకు వరుసంటూ ఏదీ లేదు.

## గుణకాన్ని చదివేటప్పుడు

డమ్మీ గుణకం 7.245 వచ్చింది. దీన్ని ఒక్క వాక్యంలో ఎలా చెప్పాలి?

mpgని am ఒక్కదాని మీదే వేసినప్పుడు: ‘ఈ కార్లలో మాన్యువల్ గేరు ఉన్నవాటి సగటు మైలేజీ, ఆటోమేటిక్ వాటి సగటు కంటే గాలన్‌కు 7.245 మైళ్లు ఎక్కువ.’ అంతకు మించి ఏమీ లేదు. ఆటోమేటిక్ సగటు 17.147, మాన్యువల్ సగటు 24.392. గుణకం ఆ రెండింటి తేడా.

‘am ఒక యూనిట్ పెరిగితే mpg 7.245 పెరుగుతుంది’ అని రాసేవారు చాలామంది ఉన్నారు. లెక్కప్రకారం తప్పు కాదు, కానీ ఏ కారూ గేరు పద్ధతిలో ఒక యూనిట్ పెరగదు. డమ్మీకి ఎప్పుడూ రెండు గుంపుల పేర్లూ చెప్పి, తేడా చెప్పాలి.

ఈ గుణకం t విలువ 4.106. ఇదే పోలికను ఆర్‌లో t.testతో చేస్తే 3.767 వస్తుంది. అది చూసి రిగ్రెషన్ తప్పిందని కంగారుపడేవారున్నారు. t.test మామూలుగా రెండు గుంపుల చెదురు వేరువేరు అనుకుని లెక్కిస్తుంది, రిగ్రెషన్ ఒకటే అనుకుంటుంది. var.equal=TRUE అని ఇస్తే అక్కడా 4.106 వస్తుంది.

బేస్ కేటగిరీ మార్చగానే గుణకాలన్నీ మారిపోయాయి. ఏది నిజం?

రెండూ నిజమే. డమ్మీ పెట్టకుండా వదిలేసిన కేటగిరీయే బేస్, మిగతా గుణకాలన్నీ దానితో పోల్చినవే. మైలేజీని సిలిండర్ల డమ్మీల మీద వేసి, 4 సిలిండర్ల కార్లను బేస్‌గా పెడితే ఇంటర్‌సెప్ట్ 26.66, 6కి −6.92, 8కి −11.56 వస్తాయి. 8ని బేస్ చేస్తే ఇంటర్‌సెప్ట్ 15.10, 4కి +11.56, 6కి +4.64. రెండింటి నుంచీ తిరిగి వచ్చే సగటులు ఒకటే: 26.66, 19.74, 15.10. కొలిచే స్థలం మారింది, కొలత మారలేదు. ఆర్-స్క్వేర్, అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్, అంచనా విలువలు ఏవీ కదలవు.

p విలువలు మారడానికీ ఇదే కారణం. ప్రతి p విలువా ‘ఈ కేటగిరీ, బేస్ ఒకటేనా’ అన్న ప్రశ్నకు జవాబు. బేస్ మారితే ప్రశ్నే మారుతుంది. ఎంచుకునేటప్పుడు మరీ కొద్దిమంది ఉన్న కేటగిరీని బేస్‌గా పెట్టకండి. దాని సగటే నిలకడగా ఉండదు కాబట్టి, దానితో పోల్చిన ప్రతి గుణకానికీ స్టాండర్డ్ ఎర్రర్ పెద్దదవుతుంది. అప్పుడు నిజంగా ఉన్న తేడాలు కూడా లేనట్టు కనిపిస్తాయి.

బరువును చేర్చగానే డమ్మీ గుణకం 7.245 నుంచి సున్నా దగ్గరికి పడిపోయింది. ఎక్కడ తప్పు చేశాను?

తప్పు చేయలేదు. mpgని wt, am రెండింటి మీదా వేస్తే wt గుణకం −5.353, am గుణకం −0.024 వస్తాయి. మొదటి మోడల్లో am అడిగిన ప్రశ్న ‘మాన్యువల్ కార్లు ఎక్కువ మైలేజీ ఇస్తాయా’ అని. రెండో మోడల్లో అదే గుణకం ‘ఒకే బరువున్న రెండు కార్లలో మాన్యువల్‌ది ఎక్కువ ఇస్తుందా’ అని అడుగుతోంది.

7.245 ఎక్కడికి పోయిందో పైసాతో సహా లెక్క చెప్పవచ్చు. ఆటోమేటిక్ కార్ల సగటు బరువు 3.769 వేల పౌండ్లు, మాన్యువల్ కార్లది 2.411. తేడా −1.358. వెయ్యి పౌండ్లకు 5.353 మైళ్లు తగ్గుతాయి కాబట్టి, తేలికగా ఉన్నందుకే మాన్యువల్ కార్లకు 1.358 × 5.353 = 7.269 మైళ్లు కలిసొచ్చాయి. దానికి −0.024 కలిపితే 7.245. ఆ ఏడు మైళ్లూ మొదటి నుంచీ బరువువే. బరువు మోడల్లో లేనంతసేపూ డమ్మీ ఖాతాలో పడ్డాయి.

ఇది ఎప్పుడూ సరిగ్గా కుదిరే సమీకరణం. మీ డేటాలో డమ్మీ గుణకం హఠాత్తుగా మారితే కొత్త చలరాశి సగటు రెండు గుంపుల్లో ఎంతెంతో చూడండి. కారణం అక్కడే దొరుకుతుంది.

ఎడమవైపు లాగ్ తీసుకున్నాను. డమ్మీ గుణకం 0.35 అంటే 35 శాతమేనా?

కాదు. గుణకం c అయితే సరైన శాతం 100 × (e^c − 1). 0.35కి అది 41.9 శాతం. గుణకం −0.35 అయితే తగ్గుదల 29.5 శాతమే. 0.05 లాంటి చిన్న గుణకాలకు తేడా పట్టించుకోనక్కర్లేదు, 0.2 దాటాక పట్టించుకోవాలి. ఈ పొరపాటును ఎత్తిచూపింది 1980లో హాల్వర్‌సెన్, పామ్‌క్విస్ట్. చిన్న శాంపిళ్లలో e^c కొంచెం ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, c నుంచి దాని వేరియన్స్‌లో సగం తీసేయాలని 1981లో కెనెడీ సూచించారు.

## అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ తగ్గినప్పుడు

చలరాశి చేరిస్తే ఆర్-స్క్వేర్ తగ్గదంటారు. అడ్జస్టెడ్ మాత్రం ఎందుకు తగ్గుతుంది?

రెండూ వేరే వాటిని కొలుస్తాయి. మోడల్ వివరించలేకపోయిన అవశేషాల వర్గాల మొత్తాన్ని RSS అందాం, mpgలోని మొత్తం చెదురును TSS అందాం. ఆర్-స్క్వేర్ ఈ మొత్తాలను నేరుగా పోలుస్తుంది. కొత్త చలరాశికి సున్నా గుణకం ఇచ్చే వీలు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి RSS పెరగదు, ఆర్-స్క్వేర్ తగ్గదు. అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ మొత్తాలను కాక, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో భాగించిన సగటులను పోలుస్తుంది:

```
1 - (RSS / (n - k - 1)) / (TSS / (n - 1))
```

ఇక్కడ n అంటే పరిశీలనలు, k అంటే ఇంటర్‌సెప్ట్ కాకుండా ఉన్న చలరాశులు. TSS/(n − 1) ఏ మోడల్‌లోనైనా ఒకటే. కాబట్టి కదిలేది పైభాగం మాత్రమే. కొత్త చలరాశి వస్తే RSS తగ్గుతుంది, దాన్ని భాగించే అంకె కూడా ఒకటి తగ్గుతుంది. ఏది వేగంగా తగ్గిందన్నదే ప్రశ్న.

mtcarsలో చూద్దాం. TSS 1126.05, n 32 కాబట్టి కిందిభాగం 1126.05/31 = 36.324. mpgని wt ఒక్కదాని మీద వేస్తే RSS 278.32. 30తో భాగిస్తే 9.277, అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ 0.7446. ఇప్పుడు am చేర్చండి. RSS రెండు దశాంశాల వరకు అదే 278.32. ఆర్-స్క్వేర్ 0.7528 దగ్గరే ఉంది. కానీ ఈసారి భాగించేది 29తో, 9.597 వస్తుంది, అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ 0.7358కి దిగుతుంది. am ఏమీ తేలేదు, ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్ మాత్రం తీసుకుంది.

సాఫ్ట్‌వేర్ అవుట్‌పుట్‌లో రెసిడ్యువల్ స్టాండర్డ్ ఎర్రర్ కూడా 3.046 నుంచి 3.098కి పెరిగి ఉంటుంది. అది ఆ 9.277, 9.597ల వర్గమూలమే. ఎడమవైపు చలరాశి, వరుసలు మారనంతవరకు, అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ తగ్గడం, రెసిడ్యువల్ స్టాండర్డ్ ఎర్రర్ పెరగడం ఒకే సంఘటన. నేనైతే రెండోదాన్నే ముందు చూస్తాను. అది మైళ్లలో ఉంటుంది, అర్థం చేసుకోవడం తేలిక.

తగ్గుతుందో పెరుగుతుందో t విలువ చూసి చెప్పవచ్చా?

చెప్పవచ్చు, ఉజ్జాయింపుగా కాదు, కచ్చితంగా. ఒకే చలరాశిని చేర్చినప్పుడు దాని t విలువ, గుర్తు వదిలేస్తే, 1 కంటే ఎక్కువైతే అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ పెరుగుతుంది. 1 కంటే తక్కువైతే తగ్గుతుంది. సరిగ్గా 1 అయితే కదలదు.

కారణం చిన్నదే. కొత్త మోడల్లో మిగిలిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ m, దాని అవశేషాల వేరియన్స్ s² అనుకోండి. అప్పుడు కొత్త RSS అంటే m × s². ఆ చలరాశిని తీసేస్తే RSS సరిగ్గా t² × s² పెరుగుతుంది, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ m + 1 అవుతుంది. కాబట్టి:

```
s²(పాత) = s²(కొత్త) × (m + t²) / (m + 1)
```

t² ఒకటి కంటే తక్కువైతే ఆ భిన్నం ఒకటి కంటే తక్కువ, అంటే పాత మోడల్ వేరియన్సే చిన్నది. wt ఉన్న మోడల్‌కు am చేర్చినప్పుడు t విలువ −0.015, m 29. భిన్నం 29/30కి దాదాపు సమానం. 9.597 × 29/30 = 9.277, పాత మోడల్లో ఉన్నదే. పరీక్షలో సగం అవుట్‌పుట్ ఇచ్చి అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ దిశ అడిగితే t చూడటమే చాలు.

ఈ t విలువ మామూలు స్టాండర్డ్ ఎర్రర్‌తో వచ్చినదై ఉండాలి. రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్లు వాడితే ఈ సూత్రం కచ్చితంగా పనిచేయదు.

అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ పెరిగింది, అయినా p విలువ 0.05 దాటింది. రెండింటిలో ఏది నమ్మాలి?

రెండూ సరైనవే, వాటి గీతలే వేరు. అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ t విలువ 1 దగ్గర గీత గీస్తుంది. అంటే p విలువ సుమారు 0.32 దగ్గర. 5 శాతం పరీక్ష t విలువ దాదాపు 2 దగ్గర గీస్తుంది. ఈ రెండింటి మధ్య పడిన చలరాశి ప్రతిసారీ ఇలాగే కనిపిస్తుంది.

mtcarsలో mpgని wt, hp మీద వేస్తే అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ 0.8148. am చేరిస్తే 0.8227కి పెరుగుతుంది. am గుణకం 2.084, t విలువ 1.514, p విలువ 0.141. కాబట్టి ‘అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ పెరిగింది, అందువల్ల ప్రభావం ఉంది’ అని రాయకూడదు. అది చాలా ఉదారమైన గీత. ఏ సంబంధమూ లేని చలరాశి కూడా సుమారు మూడింట ఒకసారి దాన్ని దాటేస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి పది చలరాశులను ప్రయత్నించి, పెరిగినప్పుడల్లా ఉంచుకుంటూ పోతే చివరికి మోడల్లో చెత్త చేరడం ఖాయం.

ఒక కేటగిరీకి చాలా డమ్మీలున్నాయి. t విలువ 1 కంటే తక్కువ ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసేయవచ్చా?

తీసేయకండి. ఒక డమ్మీని తీసేయడమంటే ఆ కేటగిరీని చడీచప్పుడు లేకుండా బేస్‌లో కలిపేయడం. బేస్ మారితే తీసేయదగినదిగా కనిపించే డమ్మీ కూడా మారుతుంది. మీరు ఏది బేస్‌గా పెట్టారన్న దాన్ని బట్టి తుది మోడల్ మారిపోవడం మంచి పద్ధతి కాదు.

మొత్తం గుంపును ఒకేసారి చూడాలి. డమ్మీలున్న మోడల్‌ను, లేని మోడల్‌ను పోల్చే F పరీక్షకు ఇక్కడా అదే గీత ఉంది: F విలువ 1 దాటితే అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది. ఆర్‌లో anova(చిన్న మోడల్, పెద్ద మోడల్) ఇస్తే ఆ F వస్తుంది. గుంపులో ప్రతి t విలువా 1 కంటే తక్కువ ఉన్నా F ఒకటి దాటవచ్చు. బేస్‌లో కొద్దిమందే ఉన్నప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది.

am చేరిస్తే అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ తగ్గింది. అంటే గేరు పద్ధతికీ మైలేజీకీ సంబంధం లేనట్టేనా?

అలా అనేముందు ఆగండి. తగ్గుదల చెప్పేది ఒక్కటే: ఈ చలరాశి, ఈ రూపంలో, మిగతావి ఉండగా, తన ఖర్చుకు తగినంత తేలేదు. రూపం మారిస్తే జవాబు మారవచ్చు. mtcars దీనికి చక్కటి సాక్ష్యం.

mpgని wt, am మీద మామూలుగా వేసినప్పుడు రెండు గుంపులకూ ఒకే వాలు ఉండాలని మోడల్ పట్టుబడుతుంది. డమ్మీకి గీతను పైకో కిందికో జరిపే స్వేచ్ఛ మాత్రమే ఉంటుంది. అప్పుడు am గుణకం −0.024, అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ 0.7446 నుంచి 0.7358కి తగ్గుతుంది. ఇప్పుడు wtని amతో గుణించిన పదాన్ని కూడా చేర్చండి:

```
lm(mpg ~ wt * am, data = mtcars)
```

అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ 0.8151కి ఎగబాకుతుంది. గుణకాలు: ఇంటర్‌సెప్ట్ 31.416, wt −3.786, am 14.878, wt:am −5.298. చివరి రెండింటి t విలువలు 3.489, −3.667. పనికిరానిదిగా కనిపించిన డమ్మీ ఇక్కడ బలంగా నిలబడింది.

ఏం జరిగిందో గీతలుగా రాస్తే తెలుస్తుంది. ఆటోమేటిక్ కార్లకు 31.42 − 3.79 × wt. మాన్యువల్ కార్లకు 46.29 − 9.08 × wt. 2,500 పౌండ్ల దగ్గర మాన్యువల్ గీత 1.6 మైళ్లు పైన ఉంది. 3,500 పౌండ్ల దగ్గర 3.7 మైళ్లు కింద ఉంది. సుమారు 2,808 పౌండ్ల దగ్గర రెండూ ఒకదాన్నొకటి దాటుతాయి. గీతను కేవలం జరపడానికే వీలున్న మోడల్లో ఈ ఎక్కువ, తక్కువ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా మిగిలింది.

14.878ని ‘మాన్యువల్ వల్ల 15 మైళ్లు ఎక్కువ’ అని మాత్రం చదవకండి. గుణింత పదం ఉన్నప్పుడు am గుణకం బరువు సున్నా ఉన్న కారులో తేడాను చెబుతుంది. అలాంటి కారు ఉండదు. బరువు నుంచి దాని సగటు 3.217ని తీసేసి మళ్లీ వేస్తే am గుణకం −2.17 అవుతుంది. మోడల్ అదే, అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ అదే, కానీ ఇప్పుడు గుణకం సగటు బరువున్న కారు గురించి మాట్లాడుతుంది.

ఈ ఫలితానికీ ఒక హద్దు ఉంది. మాన్యువల్ కార్లలో 3,000 పౌండ్లు దాటినవి రెండే: ఫోర్డ్ పాంటేరా, మసెరాటి బోరా. రెండూ 8 సిలిండర్ల స్పోర్ట్స్ కార్లు, 264, 335 హార్స్‌పవర్‌తో నడిచేవి. మైలేజీ 15.8, 15.0. మాన్యువల్ గీత అంత నిటారుగా పడటంలో ఈ రెండింటి చేయి పెద్దది. కాబట్టి బరువైన కారుకు మాన్యువల్ గేరు పెడితే మైలేజీ పడిపోతుందని దీన్నుంచి తేల్చలేం. అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ 0.8151 అన్న అంకె ఈ సంగతి మీకు చెప్పదు. డేటా వరుసలు తెరిచి చూస్తేనే తెలుస్తుంది.

ఇంటర్‌సెప్ట్ తీసేసి డమ్మీలన్నీ పెడితే అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ 0.98 వచ్చింది. ఈ మోడల్ మెరుగైనదా?

మోడల్ అదే. mpgని సిలిండర్ల డమ్మీల మీద ఇంటర్‌సెప్ట్‌తో వేస్తే ఆర్-స్క్వేర్ 0.7325. ఇంటర్‌సెప్ట్ తీసేసి మూడు డమ్మీలూ పెడితే 0.9785, అడ్జస్టెడ్ 0.976. రెండింటిలోనూ అంచనాలు 26.66, 19.74, 15.10, రెసిడ్యువల్ స్టాండర్డ్ ఎర్రర్ 3.223. ఇంటర్‌సెప్ట్ లేనప్పుడు సాఫ్ట్‌వేర్ TSSని సగటు నుంచి కాక సున్నా నుంచి కొలుస్తుంది. అప్పుడు అది 1126.05 బదులు సుమారు 14,042 అవుతుంది. భాజకం పెద్దదైంది కాబట్టి భిన్నం చిన్నదైంది, అంతే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ మైనస్‌లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ తప్పా?

కాదు. ఆర్-స్క్వేర్ k/(n − 1) కంటే తక్కువైతే అది సున్నా కిందికి వెళ్తుంది. 21 పరిశీలనలకు 5 చలరాశులు పెడితే ఆ హద్దు 0.25. మోడల్ ఉత్త సగటు కంటే మెరుగ్గా లేదని దాని అర్థం.

## రిపోర్టు రాసేటప్పుడు

తగ్గించింది కాబట్టి ఆ డమ్మీని మోడల్ నుంచి తీసేసి రిపోర్టు ఇవ్వవచ్చా?

మీ ప్రశ్న ఏమిటన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మైలేజీని అంచనా వేయడమే పనైతే wt ఉన్న మోడల్‌కు am అవసరం లేదు, తీసేయండి. కానీ మీ అధ్యయనమే గేరు పద్ధతి గురించైతే ఆ డమ్మీ మోడల్లో ఉండి తీరాలి. గుణకం −0.024, స్టాండర్డ్ ఎర్రర్ 1.546 అన్నదే మీ ఫలితం. ఆ స్టాండర్డ్ ఎర్రర్‌ను బట్టి, ఒకే బరువు దగ్గర తేడా అటూ ఇటూ సుమారు 3 మైళ్ల దాకా ఉండవచ్చు. ‘తేడా లేదు’ అనడం కంటే ఇది చాలా నిజాయితీ గల వాక్యం. దాన్ని తీసేస్తే చదివేవారికి ఆ సంగతి తెలిసే అవకాశమే పోతుంది.

రెండు మోడళ్ల అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ ఎప్పుడు పోల్చకూడదు?

ఎడమవైపు ఒకదానిలో mpg, మరోదానిలో log(mpg) ఉంటే పోల్చకూడదు. TSSలే వేరు.

అంతకంటే తరచుగా జరిగేది, తేలిగ్గా కంటపడనిది, వరుసలు రాలిపోవడం. కొత్త చలరాశిలో ఖాళీలుంటే సాఫ్ట్‌వేర్ ఆ వరుసలను మొత్తంగా వదిలేస్తుంది. ఆర్‌లోనే ఉన్న airqualityలో 153 రోజుల వివరాలున్నాయి. Ozoneని Temp మీద వేస్తే 116 వరుసలు వాడుతుంది. Solar.R చేరిస్తే 111 మాత్రమే. అప్పుడు కదిలిన అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్‌లో కొత్త చలరాశి వాటా ఎంత, రాలిపోయిన ఆ 5 రోజుల వాటా ఎంత అన్నది విడదీయలేం. t విలువ 1 దాటినా అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్ తగ్గినట్టు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. రెండు మోడళ్లకూ nobs() ఇచ్చి చూడండి. వేరుగా ఉంటే అన్ని చలరాశులూ నిండుగా ఉన్న వరుసలను ముందే విడిగా తీసుకుని, రెండింటినీ వాటి మీదే మళ్లీ వేయండి:

```
d  <- na.omit(airquality[, c("Ozone", "Temp", "Solar.R")])
m1 <- lm(Ozone ~ Temp, data = d)
m2 <- lm(Ozone ~ Temp + Solar.R, data = d)
```